ఒక్క పేరాలో 1914: కూటములు గొడవను ఎలా పెంచాయో రాయడం నాకు కుదరడం లేదు

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఉండి తెలుగు మాధ్యమంలో సివిల్స్ మెయిన్స్‌కి చదువుతున్నాను. పోయిన ఆదివారం రాసిన నమూనా పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది: "ఆస్ట్రియా, సెర్బియాల మధ్య మొదలైన ప్రాంతీయ వివాదాన్ని కూటముల వ్యవస్థ ప్రపంచ యుద్ధంగా ఎలా విస్తరింపజేసింది? ఒకే పేరాలో, 150 పదాలకు మించకుండా రాయండి." పదికి మూడున్నర ఇచ్చారు. పక్కన "వరుస ఉంది, కారణం లేదు" అని మాత్రం రాశారు. నేను రాసింది ఇది:

"1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యకు గురయ్యాడు. అప్పటికే ఐరోపా రెండు కూటములుగా చీలి ఉంది. జూలై 28న ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. సెర్బియాతో ఉన్న ఒప్పందం వల్ల రష్యా రంగంలోకి దిగింది. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 4న బ్రిటన్ తన మిత్రదేశాల పక్షాన చేరింది. ఈ విధంగా కూటముల వల్ల ప్రాంతీయ వివాదం ప్రపంచ యుద్ధంగా మారింది."

తేదీలు అన్నీ సరిచూసుకున్నాను. ఇంకేం కావాలో అర్థం కావడం లేదు. దయచేసి చెప్పండి.

డల్లాస్_నాన్న

మా అమ్మాయి ఇక్కడ పదో తరగతి. సరిగ్గా ఇలాంటి పేరానే పోయిన నెల ఇంటిపనిగా ఇచ్చారు. వాళ్ల టీచర్ చెప్పేది ఏమిటంటే, మొదటి వాక్యంలోనే జవాబు చెప్పెయ్యాలి, తర్వాత ఆధారం, ఆ ఆధారం జవాబును ఎలా నిలబెడుతుందో ఆ తర్వాత. మీ పేరాలో జవాబు చివరి వాక్యంలో ఉంది. ఇంకో మాట, మీరు సైనికీకరణ, సామ్రాజ్యవాదం, జాతీయవాదం వదిలేశారు. యుద్ధానికి నాలుగు కారణాలు చెప్పాలి కదా, కూటములు అందులో ఒకటి మాత్రమే. మా అమ్మాయి నాలుగూ రాసింది.

కరీంనగర్_కుర్రోడు

అన్నా, తేదీలు కరెక్టే గానీ నువ్వు అసలు దోషిని వదిలిపెట్టినవ్. జర్మనీ కావాలనే చేసింది. జూలై 5న జర్మనీ చక్రవర్తి కైజర్ ఆస్ట్రియా రాయబారిని పిలిచి, రష్యా అడ్డమొచ్చినా మేం మీ ఎంట ఉంటం అని మాటిచ్చిండు. ఆ మాట లేకుంటే ఆస్ట్రియా ఒక్కటే సెర్బియా మీదికి పోయేది కాదు. అది రాయి, మార్కులు వస్తయ్. మిగతాదంతా ఒప్పందాల ప్రకారమే జరిగింది. రష్యాకు సెర్బియాతోటి, ఫ్రాన్సుకు రష్యాతోటి, బ్రిటనుకు ఫ్రాన్సుతోటి ఒప్పందం ఉండె. ఒకటి కదిలితే అన్నీ కదిలినయ్.

పంతులమ్మ

బాబూ, నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి పేరాలు వేలల్లో దిద్దాను, అందుకే కాస్త విడమరిచి చెప్తాను.

ముందు డల్లాస్ నాన్నగారి మాట. మొదటి వాక్యంలో జవాబు ఉండాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ నాలుగు కారణాల సంగతి ఈ ప్రశ్నలో లేదు. యుద్ధం ఎందుకు వచ్చిందని అడగలేదు, గొడవను కూటములు ఎలా విస్తరింపజేశాయని అడిగారు. నూటయాభై పదాల్లో నాలుగు కారణాలు పెడితే ఒక్కోదానికి రెండు వాక్యాలు కూడా రావు, అడిగినదానికి జవాబూ రాదు.

ఇక నీ పేరా. ఇందులో రెండు తప్పులున్నాయి, అవి తేదీల్లో కావు. 1914లో రష్యాకు సెర్బియాతో యుద్ధంలో కాపాడతామనే ఒప్పందమే లేదు. స్లావులకు పెద్దదిక్కు తానేనన్న హోదా, 1908లో బోస్నియాను ఆస్ట్రియా కలిపేసుకున్నప్పుడు తగ్గాల్సి వచ్చిన అవమానం, బాల్కన్లలో పలుకుబడి పోతుందన్న భయం, ఇవి దాన్ని కదిలించాయి. బ్రిటన్ సంగతీ అంతే. ఫ్రాన్సుతో 1904లో, రష్యాతో 1907లో చేసుకున్నవి ప్రధానంగా వలసల తగాదాలు తీర్చుకున్న ఒప్పందాలు. యుద్ధం వస్తే వస్తామని వాటిలో ఎక్కడా లేదు. బ్రిటన్ ఆగస్టు 4న దిగడానికి చూపించిన కాగితం 1839 నాటిది, బెల్జియం తటస్థతకు పూచీపడ్డ లండన్ ఒప్పందం.

కరీంనగర్ బాబు జూలై 5 గురించి చెప్పింది మంచి ఆధారం. కానీ దాని వెంటే "అంతా ఒప్పందాల ప్రకారమే జరిగింది" అన్నాడు చూడండి, ఆ రెండూ పొసగవు. 1879 నాటి జర్మనీ, ఆస్ట్రియా ఒప్పందం ఏం చెప్తుంది? రష్యా దాడి చేస్తే రెండోవాళ్లు సాయానికి రావాలని. జూలై 5న రష్యా ఎవరి మీదా దాడి చెయ్యలేదు. అంటే కైజర్ ఇచ్చిన మాట కాగితంలో ఉన్నదానికన్నా పెద్దది. కూటమి ఇక్కడ షరతులున్న రక్షణ ఒప్పందంలా పనిచెయ్యలేదు, బలహీనుడికి ధైర్యం అరువిచ్చింది. పేరాకి ప్రాణం ఈ ముక్కలోనే ఉంది.

గోదారిగట్టు

మేడమ్ గారూ, చాలా థాంక్స్. రష్యా, సెర్బియా ఒప్పందం అని నా నోట్సులోనే ఉంది, అందుకే అనుమానం రాలేదు. కానీ ఇప్పుడు ఇంకా కంగారుగా ఉంది. రష్యాకు ఒప్పందం లేదు, బ్రిటన్‌కు ఒప్పందం లేదు అంటే, కూటముల వల్ల యుద్ధం విస్తరించింది అనే ప్రశ్నే తప్పా? అలా రాస్తే సున్నా వేస్తారేమో.

కరీంనగర్_కుర్రోడు

మేడమ్, సెర్బియా సంగతి ఒప్పుకుంటున్న, నేనూ అట్లనే చదివిన. కానీ నాది ఇంకో అనుమానం. 1908లో బోస్నియా గొడవప్పుడు, 1912, 13 బాల్కన్ యుద్ధాలప్పుడు కూడా ఇవే కూటములు ఉన్నయ్ కదా. అప్పుడు ఎందుకు పెద్ద యుద్ధం రాలే? ఒకే మందు మూడుసార్లు పని చెయ్యక నాలుగోసారి చేసిందంటే, మందు కాదు అసలు కారణం.

పంతులమ్మ

గోదారిగట్టు బాబూ, ప్రశ్న తప్పు కాదు. నువ్వు "కూటమి" అనే మాటను సంతకం పెట్టిన కాగితం అనే అర్థంలోనే తీసుకుంటున్నావు. ప్రతి దేశం దగ్గరా ఆగి ఒక్క ప్రశ్న వేసుకో: దీన్ని లాగింది సంతకమా, సంతకం చుట్టూ పెరిగిన భరోసానా, లేక సొంత లెక్కా?

ఫ్రాన్స్ దగ్గర ఆగు. రష్యాతో 1894లో ఖరారైన సైనిక ఒప్పందం ఉంది, జర్మనీ రష్యా మీద పడితే ఫ్రాన్స్ కదలాలి. ఇక్కడ సంతకమే ఉంది. కానీ అది వాడుకలోకి వచ్చేలోగానే జర్మనీ జూలై 31న పారిస్‌ని నిలదీసింది, మీరు తటస్థంగా ఉంటారా లేదా, పద్దెనిమిది గంటల్లో చెప్పండి అని. ఫ్రాన్స్ తన ప్రయోజనాల ప్రకారం నడుచుకుంటానంది. మూడో తేదీన జర్మనీయే యుద్ధం ప్రకటించింది. ఒప్పందం ఉందని శత్రువుకు తెలియడమే ఫ్రాన్సును యుద్ధంలోకి లాగింది.

బ్రిటన్ దగ్గర ఆగు. సంతకం లేదు. కానీ 1912లో ఇద్దరూ నౌకాదళాలు పంచుకున్నారు, ఫ్రెంచి నౌకలు ఎక్కువగా మధ్యధరాకు పోయాయి, ఉత్తర తీరం బ్రిటన్ మీద భారం వేసి. దాన్ని ఒప్పందం అనకూడదని విదేశాంగ మంత్రి గ్రే ఉత్తరాల్లో రాసుకున్నాడు. ఆ తీరాన్ని జర్మనీ నౌకలకు వదిలెయ్యగలరా? భరోసా అంటే ఇదీ.

ఇక ఇటలీ. జర్మనీ, ఆస్ట్రియాలతో 1882 నుంచి సంతకం ఉంది. ఆస్ట్రియా తమను అడక్కుండా తానే దండెత్తింది కాబట్టి మాకు బాధ్యత లేదని పక్కకు తప్పుకుంది. 1915 మేలో ఎదుటి పక్షంలో చేరి ఆస్ట్రియా మీదికే వచ్చింది. సంతకం లేని బ్రిటన్ వచ్చింది, సంతకం ఉన్న ఇటలీ రాలేదు. ఈ జంటను ఒక్క వాక్యంలో పెట్టగలిగితే దిద్దేవాడు కలం ఆపి మళ్లీ చదువుతాడు.

కరీంనగర్ బాబు ప్రశ్న అసలైన ప్రశ్న. 1909లో రష్యా తగ్గింది, జపాన్ చేతిలో ఓడి ఇంకా కోలుకోలేదు కాబట్టి. బాల్కన్ యుద్ధాల్లో పెద్దదేశాలు లండన్‌లో కూర్చుని మాట్లాడుకున్నాయి, మిత్రులు ఒకరినొకరు వెనక్కి లాగారు. కూటమి పగ్గంలా కూడా పనిచేస్తుంది, ములుగర్రలా కూడా పనిచేస్తుంది. 1914 జూలైలో పగ్గం ఎవరూ పట్టుకోలేదు. అందుకే "కూటములు ఉన్నాయి కాబట్టి" అని రాయకండి, "ఆ జూలైలో కూటములను ఇలా వాడారు కాబట్టి" అని రాయండి.

పాత_గార్డు

నేను రైల్వేలో గార్డుగా చేసి దిగాను. చరిత్ర చదివినవాణ్ణి కాదు గానీ ఈ విషయం మీద ఆసక్తితో చాలా చదివాను. మీరంతా రైళ్లను మర్చిపోయారు.

లక్షల మందిని, గుర్రాలను, ఫిరంగులను సరిహద్దుకు చేర్చాలంటే ప్రతి బండికీ నిమిషాలతో సహా టైంటేబుల్ ఉండాలి. అది తయారవడానికి ఏడాది పడుతుంది, మధ్యలో మార్చడం అంటే మొత్తం లైను స్తంభించినట్టే. రష్యా జార్ ముందు ఆస్ట్రియా వైపు మాత్రమే సైన్యాన్ని కదపాలనుకున్నాడు. దానికి పనికొచ్చే టైంటేబుల్ సైన్యం దగ్గర లేదు. జూలై 29న మొత్తం సైన్యానికి ఆజ్ఞ ఇచ్చి, కైజర్ తంతి చూసి ఆ రాత్రే ఆపి, 30న మళ్లీ ఇచ్చాడు.

జర్మనీది ఇంకా ఘోరం. రష్యా, ఫ్రాన్స్ ఒకటయ్యాక ఎటు తిరిగినా రెండు వైపుల యుద్ధమే కాబట్టి, ముందు బెల్జియం మీదుగా ఫ్రాన్సును కొట్టి తర్వాత తూర్పుకు తిరగాలని ఒకే ప్రణాళిక పెట్టుకున్నారు. తూర్పుకు మాత్రమే పోయే ప్రణాళికను 1913 తర్వాత కొత్తగా తయారు చెయ్యడమే మానేశారు. ఆగస్టు 1 సాయంత్రం లండన్ నుంచి వచ్చిన తంతిని చూసి, ఫ్రాన్స్ తటస్థంగా ఉండొచ్చని కైజర్ ఆశపడి, సైన్యాన్నంతా తూర్పుకు తిప్పమన్నాడు. సేనాధిపతి మోల్ట్కే కుదరదన్నాడు. గొడవ సెర్బియాలో, మొదటి పెద్ద దాడి బెల్జియం మీద. ఇది రాయకపోతే ఎలా?

పంతులమ్మ

గార్డు గారూ, మీరు చెప్పింది పేరాలో ఒక వాక్యం అవ్వాల్సిందే. కానీ అది ప్రశ్నకు అతకాలంటే మీరు దాదాపు దాటేసిన మాట ముందుకు రావాలి: "రష్యా, ఫ్రాన్స్ ఒకటయ్యాక". ఆ ప్రణాళిక కూటమికి పుట్టిన బిడ్డ. అలా కలిపితేనే రైళ్లు ఈ జవాబులో ఇముడుతాయి. విడిగా రాస్తే అది సైనికీకరణ అనే వేరే జవాబు అవుతుంది.

పాత_గార్డు

నేను ఒప్పుకోనమ్మా. కూటమి లేకపోయినా జర్మనీ పక్కన ఫ్రాన్స్, రష్యా ఉండేవే. రెండు వైపులా శత్రువులున్న దేశం అలాంటి టైంటేబులే వేసుకుంటుంది. నా లెక్కలో కూటములు నిప్పు అంటించలేదు, టైంటేబుల్ అంటించింది.

చెన్నపట్నం

నేను పుట్టి పెరిగింది చెన్నైలో, మా తాతగారి ఇల్లు పాత జార్జిటౌన్‌లో ఉండేది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుళ్లు పేల్చిందని, రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయని, జనం పట్నం వదిలి పల్లెలకు పోయారని ఆయన తన నాన్న చెప్పగా విన్నది మాకు చెప్పేవారు. హైకోర్టు గోడ మీద ఆ గుర్తుగా ఫలకం ఇప్పటికీ ఉంది. సరయేవో ఎక్కడ, మద్రాసు ఎక్కడ? ఎవరి పేరాలోనూ మద్రాసు ఉండదని నాకు చిన్నప్పటి నుంచీ బాధ.

పంతులమ్మ

చెన్నపట్నం గారూ, మీరు తెలియకుండానే ఈ జవాబులో అందరూ వదిలేసే భాగం మీద వేలు పెట్టారు. గోదారిగట్టు పేరా ఆగస్టు 4న ఆగిపోయింది. ఆగస్టు 4 నాటికి ఉన్నది ఐరోపా యుద్ధం. ప్రశ్న ప్రపంచ యుద్ధం అంటోంది. నేను దిద్దిన వాటిలో పదికి తొమ్మిది పేరాలు బ్రిటన్ దగ్గరే ఆగిపోయేవి, ఆఖరి వాక్యంలో మాత్రం "ప్రపంచ" అనే మాట ఎక్కడినుంచో ఊడిపడేది.

ఐరోపా దాటించినవి మూడు తాళ్లు. ఒకటి, 1902 నుంచి ఉన్న బ్రిటన్, జపాన్ కూటమి. దాన్ని చూపించి జపాన్ ఆగస్టు 23న జర్మనీ మీద యుద్ధం ప్రకటించి, చైనాలో జర్మన్లు పట్టుకున్న చింగ్‌తావ్‌ను నవంబరు 7 నాటికి లాక్కుంది, పసిఫిక్‌లో దీవులూ పట్టుకుంది. బ్రిటన్ అడిగిన సాయం అంత పెద్దది కాదు, జపాన్ తనకు కావలసినంత తీసుకుంది. రెండు, ఆగస్టు 2న జర్మనీ, తుర్కులు రహస్యంగా చేసుకున్న ఒప్పందం. అక్టోబరు చివర తుర్కు నౌకలు నల్లసముద్రంలో రష్యా రేవుల మీద గుళ్లు కురిపించడంతో యుద్ధం మధ్యప్రాచ్యానికి పాకింది. మూడోది కూటమి కాదు, సామ్రాజ్యం. లండన్ ప్రకటిస్తే భారతదేశాన్ని ఎవరూ విడిగా అడగలేదు. పది లక్షలకు మించి మనవాళ్లు సముద్రాలు దాటి పోయారు.

మీ ఎండెన్ చింగ్‌తావ్‌లో ఉండే నౌకాదళానిదే. జపాన్ దిగేట్టుందని గ్రహించి ఆ దళం తూర్పు ఆసియా వదిలింది, ఎండెన్ ఒక్కటీ మన సముద్రం వైపు తిరిగింది. మద్రాసులో మంటలకూ కూటములకూ సంబంధం ఉంది.

చెన్నపట్నం

ఈ సంగతి నాకు తెలియదమ్మా. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

గోదారిగట్టు

రెండు రోజులు కూర్చుని మళ్లీ రాశాను. చూడండి:

"1914లో కూటములు దేశాలను యాంత్రికంగా యుద్ధంలోకి నెట్టలేదు. బలహీన మిత్రునికి తెగువనిచ్చి, ఒకరితో గొడవను అందరితో గొడవగా మార్చాయి. జూలై 5న జర్మనీ ఇచ్చిన భరోసా 1879 ఒప్పందం కోరినదాన్ని మించినది, దాని బలంతోనే ఆస్ట్రియా సెర్బియా మీదికి వెళ్లింది. ఒప్పందం లేకున్నా పలుకుబడి కోసం రష్యా సైన్యాన్ని కదపగా, ఫ్రాన్స్-రష్యా కూటమిని ఎదుర్కోవడానికి తయారైన జర్మన్ ప్రణాళిక యుద్ధాన్ని ఫ్రాన్స్ మీదికి, బెల్జియం మీదుగా బ్రిటన్ దాకా తెచ్చింది. మొదట తగాదా పడిన ఆస్ట్రియా రష్యా మీద యుద్ధం ప్రకటించింది ఆగస్టు 6న, అప్పటికి పెద్దదేశాలన్నీ దిగిపోయాయి. సంతకం చేసిన ఇటలీ తప్పుకోగా, సంతకం లేని బ్రిటన్ చేరడం ఈ వ్యవస్థలో కాగితం కన్నా భయమే బలమైనదని చూపిస్తుంది. బ్రిటన్‌తో 1902 కూటమి జపాన్‌నూ, జర్మనీతో రహస్య ఒప్పందం తుర్కులనూ, వలస పాలన భారత్ వంటి దేశాలనూ కలపడంతో ఐరోపా యుద్ధం ప్రపంచ యుద్ధమైంది."

ఆస్ట్రియా ఆగస్టు 6 సంగతి నాకు పాత నోట్సులో దొరికింది. చూసి నేనే ఆశ్చర్యపోయాను.

పంతులమ్మ

ఆ ఆగస్టు 6 వాక్యం చాలా బాగుంది, ఉంచు. జర్మనీ ఒకటో తేదీనే రష్యాతో యుద్ధంలో ఉంది, ఎవరి కోసమైతే దిగిందో వాళ్లు మాత్రం ఐదు రోజుల తర్వాత. మిత్రుని గొడవ మిత్రుణ్ణి దాటి ముందుకు పరుగెత్తింది అనడానికి ఇంతకన్నా ఆధారం ఉండదు.

రెండు సవరణలు. "పెద్దదేశాలన్నీ దిగిపోయాయి" తప్పు, ఇటలీ దిగలేదు, తర్వాతి వాక్యంలో నువ్వే చెప్పావు. "జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ అప్పటికే యుద్ధంలో ఉన్నాయి" అని మార్చు. "కాగితం కన్నా భయమే బలమైనది" చెవికి బాగుంది, కానీ ఇటలీ తప్పుకున్నది భయంతో మాత్రమే కాదు, ఆస్ట్రియా కింద ఉన్న ఇటాలియన్ ప్రాంతాల మీద ఆశతో కూడా. "సొంత ప్రయోజనమే బలమైనది" అను.

డల్లాస్_నాన్న

మా అమ్మాయికి చూపించాను. తను ఒకటడిగింది, నాకు జవాబు తెలియలేదు. ఫ్రెంచి అధ్యక్షుడు జూలైలో రష్యాలో ఉన్నాడట కదా, అక్కడ ఫ్రాన్స్ కూడా జర్మనీలాగే మాటిచ్చిందా? ఇస్తే అది పేరాలో ఎందుకు లేదు?

పంతులమ్మ

మీ అమ్మాయికి నా ఆశీస్సులు. పొయింకారే జూలై 20 నుంచి 23 దాకా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. ఆయన ఓడ ఎక్కేదాకా ఆగి మరీ ఆస్ట్రియా సెర్బియాకు 48 గంటల అల్టిమేటం ఇచ్చింది, ఇద్దరు మిత్రులు ఒకచోట ఉన్నప్పుడు ఇవ్వడం ఇష్టం లేక. కూటమికి అండగా ఉంటామని ఫ్రాన్స్ గట్టిగా చెప్పిందన్నది నిజం. అది జర్మనీ ఇచ్చిన భరోసాకు సమానమా కాదా అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు. నేను సమానం కాదంటాను, ఎందుకంటే ఫ్రాన్స్ ఎవరినీ దండెత్తమని అనలేదు. మీ అమ్మాయి సమానమే అని రాసి ఆధారం చూపిస్తే నేను మార్కులు కొయ్యను.

కరీంనగర్_కుర్రోడు

నేను సమానమే అంటా మేడమ్. మిత్రుడు వెనక ఉన్నడన్న ధైర్యంతోనే కదా జార్ 30న సంతకం పెట్టింది. ఒక దిక్కు ఆస్ట్రియాకు ఎట్లనో, ఇంకో దిక్కు రష్యాకు అట్లనే. మొదట్ల నేను జర్మనీ ఒక్కదాన్నే దోషి అన్న, ఆ మాట వాపస్ తీసుకుంటున్న.

పాత_గార్డు

టైంటేబుల్ మాట నేను వాపసు తీసుకోవడం లేదు. గోదారిగట్టు బాబు దాన్ని ఒక్క వాక్యంలో ఇరికించేశాడు.

గోదారిగట్టు

గార్డు గారూ, ఆ వాక్యం లేకపోతే బెల్జియం ఎందుకొచ్చిందో నాకే అర్థమయ్యేది కాదు. మేడమ్ గారి సవరణలు రెండూ చేశాను. లెక్కపెడితే 150 పదాల లోపే ఉంది. పొయింకారే కోసం చోటు ఇంకా ఉందేమో రాత్రికి చూస్తాను.